మేత పేజీలో ఉండిపోయిన పొడి

మే నెల పద్నాలుగో తేదీ ఉదయం పదకొండుంబావుకు నెల్లూరు ఆసుపత్రిలో నా చేతికి వచ్చిన కాగితంలో క్రియాటినిన్ 1.36 అని ఉంది. దాని కింది వరుసలో, కిడ్నీలు నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లు వడపోస్తున్నాయో లెక్కగట్టి చెప్పే అంకె 59. అదే ఆసుపత్రిలో, అదే యంత్రం మీద, ఫిబ్రవరిలో నాకు వచ్చిన అంకెలు 1.0, 86. నేను ఆ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి, కుర్చీలో నుంచి లేచి, కిటికీ దాకా నడిచి, తిరిగివచ్చి మళ్ళీ చూశాను. అంకెలు మారలేదు.

నా చెల్లెలికి నేను కిడ్నీ ఇవ్వవలసి ఉంది. ఆమెకు యాభై నాలుగేళ్ళు. నెల్లూరులోనే జాకెట్లు కుట్టే దుకాణం నడుపుతుంది. ఏడాదిన్నరగా వారానికి మూడు రోజులు, సోమ బుధ శనివారాల్లో, డయాలసిస్ మంచం మీద నాలుగేసి గంటలు పడుకుంటోంది. ఆమె భర్తకు షుగరు. ఆయన పనికిరాడని మొదటి రోజే తేల్చారు. మా ఇద్దరిదీ ఒకే రక్తం గ్రూపు. నాకు అరవై ఒకటి. బీపీ లేదు, షుగరు లేదు, పొగ తాగిన రోజు ఒక్కటీ లేదు. ఫిబ్రవరిలో పరీక్షలన్నీ నెగ్గాను. అంతలో చెల్లెలికి ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరడంతో ఆపరేషను మూడు నెలలు వాయిదా పడింది. అది తగ్గింది కదా అని నా పరీక్షలు మళ్ళీ చేస్తే వచ్చింది ఈ యాభై తొమ్మిది.

కిడ్నీ డాక్టరమ్మ ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. నలభై దాటని మనిషి, మాట తక్కువ.

"అరవై లోపలుంటే మేము దాతగా తీసుకోమండీ. అంతకన్నా నాకు భయం మూడు నెలల్లో ఇంత పడిపోవడం. మీ దగ్గర ఒకటి తీసుకుంటే, రేపు మిమ్మల్ని కూడా ఆ మంచం మీద పడుకోబెట్టినట్టవుతుంది."

"మూత్రంలో ప్రోటీన్ లేదు కదమ్మా," అన్నాను. "ఫిబ్రవరిలోనూ లేదు, ఇప్పుడూ లేదు."

"అది మంచిదే. అయినా ఈ అంకెతో ఫైలు ముందుకు పంపలేను. కారణం తెలియాలి. మందులేమైనా వాడుతున్నారా? నొప్పి మాత్రలు, నాటు మందులు?"

నేను మందుల పేజీ జిరాక్సు కాపీ ఇచ్చాను. అందులో రెండే ఉన్నాయి: ఆదివారం వేసుకునే డి విటమిన్ మాత్ర, కంటి చుక్కలు. ఆమె చదివి, ఫైలులో పెట్టి, వారం తరవాత రమ్మంది.

నా పుస్తకం గురించి ఇక్కడ చెప్పాలి. ముప్ఫై మూడేళ్ళు నేను తోటపల్లి గూడూరు చుట్టుపక్కల రొయ్యల చెరువులకు నీటి పరీక్షలు చేశాను. ఉప్పుదనం, ప్రాణవాయువు, అమోనియా, అన్నీ పొద్దునా సాయంత్రమూ కొలిచి రాసేవాణ్ణి. ప్రతి చెరువుకూ ఒక పుస్తకం. తెరిస్తే కుడివైపు మందుల పేజీ, ఎడమవైపు మేత పేజీ. చెరువులో వేసేది ఏదైనా ఈ రెండింటిలో ఒకచోట పడాలి. ఎక్కడా పడనిది చెరువులోకి పోకూడదు. అది నేను పెట్టిన నియమం. పని మానేశాక నాకూ అలాంటి పుస్తకమే పెట్టుకున్నాను. కుడివైపు మందులు, ఎడమవైపు తిండి. మా ఇంటావిడ దాన్ని చూసి నవ్వేది. "మీరు మనిషా, చెరువా?" అనేది.

చెల్లెలికి చెప్పడానికి నేను ఆ బుధవారమే డయాలసిస్ గదికి వెళ్ళాను. ఎడమ చేతికి రెండు సూదులు, వాటి గొట్టాల్లో ఎర్రగా తిరిగే రక్తం, తల పక్కన యంత్రం. నేను రెండు తేదీలూ నాలుగు అంకెలూ చెప్పాను. ఆమె పైకప్పు వైపే చూస్తూ విన్నది.

"అన్నా, ఆ యాభై తొమ్మిది ఎవరు రాసినారు? మెషినా, మా వదినా?"

నవ్వుతూనే అంది. కానీ నా వైపు తిరగలేదు.

"కాగితం తెచ్చినా. చూడు."

"నాకు కాగితాలు ఎందుకన్నా. పక్క మంచం ఆమెకి కూడా తమ్ముడు ఇస్తానన్నాడంట. ఆపరేషను దగ్గరపడేటప్పటికి ఆయనకి గుండెలో దడ వచ్చిందంట. అందరికీ ఏదో ఒకటి వస్తా ఉండాది."

ఆమెకు ఆ అనుమానం రావడానికి కారణం లేకపోలేదు. మా ఇంటావిడకు ఈ ఆపరేషను మొదటి నుంచీ భయం. వద్దని ఎప్పుడూ అనలేదు. కానీ ఆ మాట వచ్చినప్పుడల్లా లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. చెల్లెలి ఇంటికి వెళ్ళినప్పుడు కూడా ఆమె అలాగే లేచిపోవడం చెల్లెలు రెండు మూడుసార్లు చూసింది.

ఆ వారం నేను ఒక చోట నిలవలేదు. సూత్రం సంపాదించి చేతితో లెక్క వేశాను. యాభై తొమ్మిదే వచ్చింది. రోజుకు నాలుగు లీటర్ల నీళ్ళు కొలిచి తాగాను. ఇంకో ల్యాబుకు వెళ్ళి డబ్బు కట్టి మళ్ళీ రక్తం ఇచ్చాను. 1.34, 60. ఒక అంకె పెరిగిందని ఆటోలో తిరిగివస్తూ సంతోషించాను. ఇంటి మెట్టెక్కే లోపలే ఆ సంతోషానికి సిగ్గుపడ్డాను. ఫిబ్రవరికి ముందు సంవత్సరాల కాగితాలు వెతికాను. 0.98, 1.02, 1.0. ఆరేళ్ళు ఒకే గీత, చివర్లో మెట్టు దిగినట్టు ఈ పతనం. చెరువులో నీటి లెక్క ఇలా ఒక్కసారిగా మారితే నేను మొదట అడిగే ప్రశ్న ఒకటుండేది. ఆ ప్రశ్న నాకు నేను వేసుకోలేదు. పైగా, బలహీనపడుతున్నానేమోనని వ్యాయామం ఇంకా పెంచాను.

వ్యాయామం సంగతి ఇది. ఆపరేషను వాయిదా పడినప్పుడు డాక్టరమ్మ, "ఈలోగా నడవండి, బలంగా ఉండండి," అంది. నాకు "బలంగా" అంటే సరిపోదు. ఎంత బలంగా అన్నది కావాలి. మా వీధిలో ఉండే రిటైరైన డ్రిల్లు మాస్టారు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు ఆన్చకుండా అర నిమిషంలో ఎన్నిసార్లు లేవగలనో లెక్కపెట్టాడు. పదకొండు.

"సారూ, కిడ్నీ ఇచ్చే మనిషి కాళ్ళు వణకతా పోతే ఎట్టా? మీకు పదిహేడు తెప్పిస్తా, చూడండి."

రోజూ ఉదయం ఆయన దగ్గర బరువులు ఎత్తాను. మార్చి మొదటి వారంలో ఆయన ఒక డబ్బా ఇచ్చాడు. కండకు బలమిచ్చే క్రియాటిన్ అనే పొడి. చేపలోనూ మాంసంలోనూ ఉండేదే, తానూ వాడుతున్నానని చెప్పాడు. రోజుకు అయిదు గ్రాములు. వంటింటి చెంచాను నమ్మక, నా పాత తక్కెడలో తూచి నీళ్ళలో కలుపుకునేవాణ్ణి. మే మొదటి వారానికి నా లెక్క పదిహేడు దాటి పద్దెనిమిదికి చేరింది. రక్తం ఇవ్వవలసిన ముందు రోజు కూడా బరువులెత్తి, రాత్రి వంజరం చేప పులుసు తిని, పొద్దున పొడి తాగి వెళ్ళాను. యాభై తొమ్మిది వచ్చిన తరవాత కూడా, ఆ వారమంతా, ఒక్కరోజు తప్పకుండా తాగాను.

మే ఇరవై ఒకటిన డాక్టరమ్మ దగ్గరికి మా ఇంటావిడ తానూ వస్తానంది. ఎందుకని నేను అడగలేదు. ఇక కుదరదన్న మాటను తన చెవులతో వినడానికేమో అనుకున్నాను. డాక్టరమ్మ రెండో ల్యాబు కాగితం చూసి తల ఊపింది.

"అదే లెక్క. ఇక మనం వేరే దాతను చూసుకోవాలేమో అండీ."

అప్పుడు మా ఇంటావిడ నా చేతిలోని పుస్తకం వైపు చూపించింది.

"డాక్టరమ్మా, ఆయన మీకు ఒక పేజీయే ఇచ్చినారు. రెండోది కూడా చూడండి."

"అది తిండి పేజీ," అన్నాను.

"తిండే కదా, చూపిస్తే పోయిందేముంది? పొద్దున్నే తక్కెడ పెట్టుకొని తూచేది అందులోనే కదా రాసేది."

డాక్టరమ్మ పుస్తకం అందుకుంది. ఎడమవైపు పేజీలో, రాగిజావకూ రెండు కోడిగుడ్లకూ మధ్య, మార్చి ఆరు నుంచి ప్రతి రోజూ ఒకే మాట: పొడి, 5 గ్రా. ఆమె వేలు ఆ వరుస మీద పై నుంచి కిందికి జారింది.

"ఏం పొడి ఇది?"

చెప్పాను. ఆమె కుర్చీలో వెనక్కి వాలింది.

"మందులేమైనా వాడుతున్నారా అని అడిగాను కదండీ."

"ఇది మందు కాదమ్మా. చేపలో ఉండేదని చెబితే మేత కింద రాశాను."

మేత అన్న మాటకు ఆమె మొదటిసారి నవ్వింది. తరవాత కాగితం తీసి చెప్పింది: ఒంట్లో ఉన్న క్రియాటిన్‌లో రోజూ కొంత దానంతటదే క్రియాటినిన్‌గా మారుతుంది. అది కండ వదిలే చెత్త. కిడ్నీ దాన్ని బయటికి పంపుతుంది. రక్తంలో ఆ చెత్త ఎంత మిగిలిందో చూసి కిడ్నీ ఎంత పని చేస్తోందో మేము ఊహిస్తాం. పొడి తాగితే, కండ పెరిగితే, ముందు రాత్రి చేప తింటే, చెత్త ఎక్కువ పుడుతుంది. కిడ్నీ ఎప్పటిలాగే పనిచేస్తున్నా క్రియాటినిన్ పెరుగుతుంది, దాన్నిబట్టి వేసే వడపోత లెక్క పడిపోతుంది.

నేను ఆమెను ఆపాను. ఒక చెరువు గుర్తొచ్చి, దాని సంగతి చెప్పాను. మేత చెత్త నుంచి పుట్టే అమోనియా రెండింతలైందని దాని రైతు నీళ్ళు మార్చే మోటారును తిట్టి, ఇంకో మోటారు కొనబోయాడు. నేను ఆయన్ని అడిగింది ఒకటే: మేత ఎంత వేస్తున్నావు? పుస్తకం తెరిస్తే పది రోజులుగా మేత రెట్టింపు ఉంది. మోటారు చక్కగా ఉంది. ముప్ఫై మూడేళ్ళు నేను ఊరూరా అడిగిన ప్రశ్న అది. నా కాగితం చూసుకున్నప్పుడు మాత్రం నేను మోటారునే అనుమానించాను.

"సరిగ్గా అంతే," అంది డాక్టరమ్మ. "కానీ తొందరపడకండి. మోటారు నిజంగా చెడినా అమోనియా పెరుగుతుంది కదా? ఈ పరీక్ష ఆ రెండింటినీ విడదీయలేదు. పొడి వల్లేనని నేను ఇప్పుడే అనలేను, కిడ్నీ బాగుందనీ అనలేను."

"మరి?"

"సిస్టాటిన్ సి అని ఇంకో పరీక్ష ఉంది. అది చిన్న ప్రోటీన్. కండ ఒక్కటే కాదు, ఒంట్లో దాదాపు అన్ని కణాలూ ఇంచుమించు ఒకే వేగంతో తయారుచేస్తాయి. కిడ్నీ వడపోస్తుంది. మీ పొడితో దానికి పని లేదు, చేపతోనూ లేదు. కిడ్నీ నిజంగా మందగిస్తే అది కూడా పెరుగుతుంది."

"పొడి మానేసి ఎన్ని రోజులకు తీయాలి?"

"పొడి ఇవాళే మానండి. రక్తం కూడా ఇవాళే ఇవ్వండి. దీనికి ఆగనక్కరలేదు. క్రియాటినిన్ మాత్రం నాలుగు వారాలు ఆగి మళ్ళీ చూద్దాం."

ఆ తరవాత ఆమె ప్రశ్నలు వేసింది, ఎందుకంటే ఆ అంకెనూ కొన్ని తప్పుదారి పట్టిస్తాయట. థైరాయిడ్? ఫిబ్రవరిలో చేయించాను, 2.1, మామూలే. స్టెరాయిడ్ మాత్రలు, ఆయాసానికి పీల్చే మందు? లేవు. పొగ? లేదు. ఈ మధ్య జ్వరం, వాపు? లేవు. ఈసారి నేను పుస్తకాన్ని ఆమె చేతిలోనే ఉంచి, రెండు పేజీలూ చూసి అడగమన్నాను.

పరీక్ష నెల్లూరులో చేయరు. రక్తం మద్రాసు వెళ్ళాలి. ఫలితానికి మూడు రోజులు. తిరుగు బస్సులో మా ఇంటావిడ కిటికీ వైపు కూర్చుంది. బయట వరిమళ్ళు అయిపోయి రొయ్యల చెరువులు మొదలైనాయి. చెరువుల్లో గాలి కలిపే చక్రాలు తిరుగుతూ నీళ్ళు చిమ్ముతున్నాయి.

"నువ్వు చెప్పకపోతే ఈపాటికి నన్ను పక్కన పెట్టేసేవాళ్ళు," అన్నాను. "నీకు భయం కదా."

"భయమే. ఇప్పుడూ భయమే."

"మరెందుకు చెప్పావు?"

"మీరు ఇవ్వలేరంటే సరే, దేవుడి దయ అనుకుంటా. మీ తక్కెడ వల్ల ఆగిపోతే, ఆమె ముఖం నేనెట్టా చూసేది?" అంది. ఇంకో స్టాపు దాటాక, "నన్ను చూసి అనుమానపడతా ఉండాది, నాకు తెలవదనుకున్నారా," అంది.

ఆ మూడు రోజులు అంకెలు లేని రోజులు. ఫోను పక్కన కూర్చోలేక చెరువు గట్ల మీద నడిచాను. ఎన్ని అడుగులు వేశానో లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో మరిచిపోయాను. అలా మరిచిపోవడం నాకు అలవాటు లేదు. ఉదయం తక్కెడ దగ్గరికి వెళ్ళిన చెయ్యి ఖాళీగా తిరిగివచ్చేది. డ్రిల్లు మాస్టారు గేటు దగ్గర నిలబడి, "నా డబ్బా మీ కొంప ముంచిందా సారూ?" అని అడిగాడు. కిడ్నీ చెడగొట్టిందని ఎవరూ అనలేదనీ, అంకెను మాత్రం కదిపి ఉండవచ్చుననీ, డాక్టరమ్మ చెప్పినంత వరకే చెప్పాను. ఆయన గేటు వదలలేదు. "నేను ముందే చెప్పుండాల్సింది, రక్తం ఇచ్చేటప్పుడు ఇది తాగతా ఉండానని చెప్పమని," అన్నాడు. ఆయన తప్పు కాదన్నాను. నమ్మినట్టు లేదు.

మే ఇరవై నాలుగు మధ్యాహ్నం రెండు గంటలకు ఫోనుకు కాగితం వచ్చింది. సిస్టాటిన్ సి 0.91. దాని ప్రకారం వడపోత 88.

నేను దాన్ని మా ఇంటావిడకు చూపించాను. ఆమె ఫోనును దూరంగా పట్టుకొని చదివి, "అంటే బాగుందనా?" అంది. బాగుందన్నాను. ఆమె తల ఊపి, లేచి, వంటింట్లోకి వెళ్ళింది. కొంతసేపటికి కాఫీ తెచ్చింది. ఇదివరకు అలా వెళ్తే తిరిగి వచ్చేది కాదు.

డాక్టరమ్మ ఫైలు మళ్ళీ తెరిచింది. ఇదొక్కటే సరిపోదని, ఏ కిడ్నీ ఎంత పనిచేస్తోందో సూటిగా కొలిచే ఐసోటోపు స్కాను కూడా చేయించింది. రెండూ కలిపి 84, కుడి ఎడమలకు దాదాపు సమానం. జూన్ పద్దెనిమిదిన, పొడి మానేసిన నాలుగు వారాలకు, క్రియాటినిన్ 1.04, లెక్క 82. నా గీత మళ్ళీ పాత మెట్టెక్కింది. నా వయసుకు ఈ అంకెలు చాలునని ఆసుపత్రి వైద్యులు కూర్చొని ఒప్పుకున్నారు. ఇక మిగిలింది ప్రభుత్వ కమిటీ అనుమతి. దాని తేదీ ఇంకా రాలేదు.

ఆ ఆదివారం చెల్లెలు మా ఇంటికి వచ్చింది. డయాలసిస్ మొదలైన తరవాత మా ఊరు రావడం అదే మొదటిసారి. నేను అంకెలన్నీ వరుసగా రాసిన కాగితం తీసి పెట్టుకున్నాను. ఆమె దాన్ని అడగలేదు. పొడి సంగతి ఎవరు బయటపెట్టారో నేను ఫోనులో ముందే చెప్పి ఉన్నాను. అరుగు మీద కూర్చొని, చేతి సంచిలో నుంచి కొలత టేపు తీసింది.

"వదినా, నీ జాకెట్టు కొలత పాతదేనా, మారిందా?"

"ఇప్పుడెందుకమ్మా జాకెట్టు?"

"అడిగినదానికి చెప్పు. మారిందా లేదా?"

"మారింది," అంది మా ఇంటావిడ. "ఈ మూడు నెలల్లో మీ అన్నతో వేగి చిక్కిపోయినా."

"అట్టయితే నిలబడు."

డయాలసిస్ సూదులు గుచ్చే ఎడమ చేతికి బరువు తగలకూడదు కాబట్టి చెల్లెలు టేపు కొసను వదిన చేతికే ఇచ్చి పట్టుకోమంది. కుడి చేత్తో చుట్టి, కళ్ళు చికిలించి చూసింది. ఇద్దరూ చాలా దగ్గరగా నిలబడి ఉన్నారు.

"రాసుకో అన్నా," అంది చెల్లెలు. "ఛాతీ ముప్పై అయిదు. నడుము ముప్పై ఒకటి. చెయ్యి పది. సరిగా రాయి, మళ్ళీ తప్పయితే నీదే."

నేను పుస్తకం తెరిచాను. కుడివైపు మందులు, ఎడమవైపు మేత. ఆమె నాలుగో కొలత చెబుతోంది. నాకు చోటు దొరకలేదు. చివరికి అట్ట లోపలివైపు తేదీ వేసి, మూడు అంకెలూ రాసి, నాలుగోది మళ్ళీ చెప్పమన్నాను.